దారమా, బుల్లి బ్రషా? బిగువు పళ్ల మధ్య దారి

పన్నుకు ఐదు ముఖాలుంటాయి. బుగ్గ వైపు ఒకటి, నాలుక వైపు ఒకటి, నమిలే పైభాగం ఒకటి. మిగిలిన రెండూ పక్క పళ్లను ఆనుకుని ఉండేవి. పొద్దునా రాత్రీ శ్రద్ధగా తోముకునే మనిషి కూడా మొదటి మూడు ముఖాలనే తోముతాడు. బ్రష్ కుచ్చు సందు మొదట్లోకి కాస్త దూరుతుంది గానీ, రెండు పళ్లూ తగిలే చోటు కిందికి వెళ్లలేదు. వేపపుల్ల నమిలి తోముకున్నా అంతే. ఎంతసేపు పుక్కిలించినా అంతే. అక్కడ అంటుకుని ఉన్నది నీళ్లకు కొట్టుకుపోయే రకం కాదు.

ఆ రెండు ముఖాల కోసం ఇంట్లో వాడుకోగలిగిన సాధనాలు ముఖ్యంగా రెండు. ఒకటి ఫ్లాస్ అనే సన్నటి దారం. రెండోది ఇంటర్‌డెంటల్ బ్రష్, అంటే సన్నటి తీగ చుట్టూ మెత్తటి కుచ్చు ఉండే బుల్లి బ్రష్. పళ్లు ఎడంగా ఉన్నవాళ్లకు బ్రష్, బిగువుగా ఉన్నవాళ్లకు ఫ్లాస్ అని చాలామంది అనుకుంటారు. ఇది సగమే నిజం. పళ్లు పైన బిగువుగా ఉండటం ఒక సంగతి, వాటి కింద సందు ఉందా లేదా అన్నది మరో సంగతి. దేన్ని ఎంచుకోవాలో తేల్చేది ఆ రెండోదే.

ఆనుకున్న చోటు కింద ఏముంది?

అద్దంలో చూసుకుంటే పక్కపక్క పళ్లు పైనుంచి కిందిదాకా అతుక్కుపోయినట్టే ఉంటాయి. నిజానికి అవి తగిలేది చాలా చిన్న మేర. పన్ను గోడ తిన్నగా ఉండదు. నడుమ ఉబ్బెత్తుగా ఉండి, చిగురు దగ్గరికి వచ్చేసరికి సన్నబడుతుంది. ఆ ఉబ్బెత్తులు రెండూ తాకే చోటును సంపర్క బిందువు అంటారు. దాని కింద, రెండు పళ్ల మెడల మధ్య, ఒక ముక్కోణపు జాగా మిగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో దాన్ని చిగురు నింపుతుంది. మొనదేలి కనిపించే ఆ భాగాన్ని ఇక్కడ చిగురు మొన అందాం.

ముందు పళ్ల మధ్య ఈ మొన ఒకటే శిఖరంగా ఉంటుంది. దవడ పళ్లు మందంగా ఉంటాయి కాబట్టి అక్కడ బుగ్గ వైపు ఒక శిఖరం, నాలుక వైపు ఒక శిఖరం ఏర్పడతాయి. ఆ రెంటి నడుమ, సరిగ్గా సంపర్క బిందువు కింద, కొండల మధ్య కనుమలా ఒక పల్లం ఉంటుంది. చిగురు పైభాగం నమలడానికి తట్టుకునేలా గట్టిపడి ఉంటుంది. ఈ పల్లాన్ని కప్పిన పొర అలా గట్టిపడదు. సూక్ష్మజీవులు విడిచే పదార్థాలు దానిగుండా తేలిగ్గా లోపలికి దిగుతాయి. అంటే చిగురులో బలహీనమైన భాగం, బ్రష్ అసలు చేరని చోటే ఉందన్నమాట.

అక్కడ చేరేది పాచి. తోముకున్న కొన్ని నిమిషాలకే లాలాజలంలోని ప్రొటీన్లు పంటి మీద పలచటి పొరగా పరుచుకుంటాయి. ఆ పొరను పట్టుకుని బాక్టీరియా వాలుతుంది. అది పెరిగి, తన చుట్టూ జిగురు కట్టుకుని, గుంపుగా స్థిరపడుతుంది. మొదట్లో వచ్చేవి పెద్దగా హాని చేయనివి. పొర మందమయ్యేకొద్దీ అడుగుకు ఆక్సిజన్ అందదు. అప్పుడు గాలి అక్కర్లేని రకాలు చేరతాయి. చిగురును వాపెక్కించేవీ, దుర్వాసన వచ్చే గంధకపు వాయువుల్ని విడిచేవీ ఎక్కువగా ఇవే.

ఈ మార్పుకు ఎన్నాళ్లు పడుతుందో 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లో బృందం కళ్లకు కట్టినట్టు చూపించింది. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మంది, వాళ్లలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే, పళ్లు తోముకోవడం పూర్తిగా మానేశారు. 10 నుంచి 21 రోజుల లోపల అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టగానే వారం అటూ ఇటూగా అది తగ్గిపోయింది. పళ్ల సందుల్ని ఎప్పుడూ ముట్టుకోని మనిషి తన నోట్లో పళ్ల పక్క ముఖాల మీద ఈ ప్రయోగాన్ని ఏళ్ల తరబడి సాగిస్తున్నట్టే లెక్క.

1973లో లాంగ్, లో తదితరులు ఇంకో ప్రశ్న వేసుకున్నారు. పాచిని ఎన్నాళ్లకోసారి తీస్తే చాలు? పూర్తిగా, ఏ మూలా వదలకుండా తీసినవాళ్లకు రెండు రోజులకోసారి తీసినా చిగుళ్లు ఆరోగ్యంగానే ఉన్నాయి. మనలో ఎవరూ అంత పూర్తిగా తీయలేం. అందుకే రోజుకోసారి అంటారు. రోజుకు రెండు మూడుసార్లు సందుల్లో పొడవడం కంటే, రాత్రి పడుకునే ముందు ఒక్కసారి నిదానంగా చేయడం మేలు.

పాచి చేసే రెండో పని పన్నును పిప్పి చేయడం. తిన్న పిండి, చక్కెర పదార్థాల నుంచి అది తయారుచేసే ఆమ్లం పింగాణీ పొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. పక్క ముఖాల మీద ఈ పుచ్చు సంపర్క బిందువుకు కాస్త కిందనే మొదలవుతుంది. పైకి పన్ను చక్కగానే ఉంటుంది. లోపల డొల్ల అయ్యాక ఒకరోజు పకోడీ కొరికినప్పుడు అంచు విరిగి పడుతుంది. అంతకుముందే పట్టుకోవాలంటే పళ్లమధ్య భాగాన్ని చూపించే బైట్‌వింగ్ ఎక్స్‌రే తీయాలి.

పరిశోధన ఎంతవరకు చెబుతోంది?

2016 ఆగస్టులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఒక కథనం రాసింది. అమెరికా ప్రభుత్వ ఆహార మార్గదర్శకాల్లో అప్పటిదాకా ఉన్న ఫ్లాస్ సలహా కొత్త ప్రతిలో లేదనీ, దాని వెనకున్న ఆధారాలు బలహీనమనీ ఆ కథనం సారాంశం. ఫ్లాస్ వల్ల ఉపయోగం లేదట అని ప్రపంచమంతా చెప్పుకుంది. కథనం చెప్పింది అది కాదు. ఉపయోగం లేదని తేలడం వేరు, ఉపయోగాన్ని గట్టిగా తేల్చే ప్రయోగాలు జరగకపోవడం వేరు.

2019లో కాక్రేన్ సంస్థ 35 ప్రయోగాలను జల్లెడ పట్టి సమీక్ష వెలువరించింది. బ్రష్‌తో తోముకోవడానికి తోడు ఫ్లాస్ గానీ ఇంటర్‌డెంటల్ బ్రష్ గానీ వాడితే చిగుళ్ల వాపు, పాచి తగ్గవచ్చనీ, ఫ్లాస్ కంటే బుల్లి బ్రష్ మెరుగ్గా పనిచేయవచ్చనీ అది చెప్పింది. ఆధారాల నమ్మకం స్థాయి మాత్రం తక్కువ అని కూడా స్పష్టంగా రాసింది. చాలా ప్రయోగాలు కొద్ది వారాలవి, కొద్ది నెలలవి. పుచ్చు ఏర్పడటానికి ఏళ్లు పడుతుంది కాబట్టి దాని సంగతి వాటిలో తేలదు.

ఫ్లాస్ విషయంలో అసలు చిక్కు చేతిలో ఉంది. 2006లో అచ్చయిన ఒక సమీక్ష ఈ తేడాను బాగా చూపిస్తుంది. బడి ఉన్న రోజుల్లో శిక్షణ పొందినవాళ్లు పిల్లల పళ్లకు ఫ్లాస్ చేసిపెట్టిన చోట, 1.7 ఏళ్లలో పక్క ముఖాల పుచ్చు ముప్పు 40 శాతం తగ్గింది. కౌమారంలోని పిల్లలు తమంతట తాము చేసుకున్న చోట తేడా కనిపించలేదు. దారం అదే, చేతులు వేరు. ఫ్లాస్ పట్టడం నేర్పు కావాల్సిన పని. బుల్లి బ్రష్‌కు అంత నేర్పు అక్కర్లేదు. సందులో పట్టే సైజు దొరికితే చాలు, తోసి లాగడమే. అయితే ఆ సైజు దొరకాలి.

బిగువు అనేది రెండు రకాలు

"నా పళ్లు బాగా టైటండీ, ఏదీ దూరదు" అని దంతవైద్యుడికి చెప్పేవాళ్లు సాధారణంగా సంపర్క బిందువు గురించి మాట్లాడుతుంటారు. ఫ్లాస్ పైనుంచి దిగేటప్పుడు టక్కుమని అడ్డుపడేది అక్కడే. బుల్లి బ్రష్ ఆ దారిన రాదు. బుగ్గ వైపునుంచి, బిందువు కిందుగా, చిగురు మొన పైగా పక్కకు దూరుతుంది. పైన ఎంత బిగువున్నా కింద ముక్కోణంలో జాగా ఉంటే దానికి దారి ఉన్నట్టే.

ఆ జాగా ఎందుకు ఏర్పడుతుందో చెప్పే కొలత ఒకటి ఉంది. 1992లో టార్నో, ఆయన సహచరులు సంపర్క బిందువు నుంచి కింద ఎముక అంచుదాకా ఎంత దూరముందో కొలిచారు. 5 మిల్లీమీటర్లు, అంతకంటే తక్కువ ఉన్న చోట్ల చిగురు మొన దాదాపు అన్నిసార్లూ సందును పూర్తిగా నింపింది. 6 మిల్లీమీటర్లయితే సగానికి కాస్త ఎక్కువ చోట్లే నింపింది. 7 అయితే నాలుగోవంతుకు అటూ ఇటూ. ఒక్కో మిల్లీమీటరు ఎముక తగ్గేకొద్దీ మొన కుంగి, బిందువు కింద ఖాళీ తెరుచుకుంటుంది. పళ్లు మాత్రం కదలవు, పైన బిగువు బిగువుగానే ఉంటుంది. ఇరవయ్యేళ్లప్పుడు ఫ్లాస్ తప్ప దారిలేని నోట్లో నలభై దాటేసరికి సగం సందుల్లో బ్రష్ పట్టడానికి కారణం ఇదే కావచ్చు.

కాబట్టి ఎంపిక నోటి మొత్తానికి ఒకటిగా ఉండదు, సందు సందుకూ వేరుగా ఉంటుంది. చిగురు మొన ఆరోగ్యంగా ఉండి సందును నిండుగా కప్పి ఉంటే అక్కడ ఫ్లాస్. బలవంతం లేకుండా బ్రష్ దూరే ప్రతి సందులో బ్రష్. యూరప్ చిగుళ్ల నిపుణుల సమాఖ్య చెప్పే మాట కూడా ఇంచుమించు ఇదే. దూరే చోట బ్రష్‌కే మొదటి స్థానం. గాయం చేయకుండా బ్రష్ వెళ్లని, ఆరోగ్యంగా ఉన్న సందులకు ఫ్లాస్.

బ్రష్‌కు మొదటి స్థానం ఎందుకు? పన్ను వేరు ఆకారం వల్ల. చిగురు కుంగి వేరు బయటపడ్డాక అక్కడి గోడ నున్నటి గుండ్రంగా ఉండదు. పై దవడలో కోరపన్ను వెనకే వచ్చే చిన్న దవడ పన్నుకు, కోరపన్ను వైపు ముఖం మీద నిలువునా ఒక గుంట ఉంటుంది. పెద్ద దవడ పళ్లకు వేర్లు చీలే చోట ఇలాంటి పల్లాలే ఉంటాయి. బిగించి పట్టిన దారం గుంటకు రెండు అంచులనూ తాకి, మధ్య భాగాన్ని వదిలేస్తుంది. కుచ్చు మాత్రం గుంటలోకి విచ్చుకుంటుంది. ఉబ్బెత్తు ముఖాలున్న ముందు పళ్లకు ఈ ఇబ్బంది లేదు. దారం అక్కడ పంటిని నిండుగా కౌగిలిస్తుంది.

ఫ్లాస్ పట్టడం

మూరెడు దారం తెంపి, రెండు చేతుల నడివేళ్లకూ చుట్టాలి. ఒక వేలికి ఎక్కువ, రెండో వేలికి కొంచెం. వాడిన భాగాన్ని ఒకదాని నుంచి ఇంకోదానికి చుట్టుకుంటూ పోతే ప్రతి సందుకూ కొత్త దారం వస్తుంది. బొటనవేళ్లు, చూపుడువేళ్ల మధ్య రెండు మూడు సెంటీమీటర్ల దారం మాత్రమే బిగువుగా ఉండాలి. అంతకంటే పొడవు వదిలితే అదుపు తప్పుతుంది.

సంపర్క బిందువును దాటించేటప్పుడు కిందికి నొక్కకూడదు. ముందుకూ వెనక్కూ రంపంలా చిన్నగా కదుపుతూ జారనివ్వాలి. నొక్కితే దారం ఒక్కసారిగా దిగి చిగురు మొనను కోస్తుంది. బిందువు దాటాక దాన్ని ఒక పంటికి అర్ధచంద్రాకారంలో చుట్టి, చిగురు అంచు కిందికి మెల్లగా, తేలిగ్గా ఆగేదాకా దించి, పైకీ కిందికీ నాలుగైదుసార్లు పంటిని రుద్దాలి. తర్వాత చిగురు మొన మీదుగా దాటించి పక్క పంటికి చుట్టి అదే పని చేయాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. దారం సందులోకి దించి, వెంటనే పైకి లాగేస్తారు. దాంతో ఇరుక్కున్న మాంసం పీచు వస్తుంది, పాచి మాత్రం రెండు గోడల మీదా అలాగే ఉంటుంది. ఒక సందు అంటే రెండు పళ్ల రెండు ముఖాలు. రెండూ రుద్దితేనే సందు శుభ్రమైనట్టు.

బిగువు మరీ ఎక్కువైతే మామూలు నైలాన్ దారానికి బదులు మైనం పూసినదో, టేపులా పలచగా జారుడుగా ఉండే పీటీఎఫ్ఈ రకమో తీసుకోవాలి. పైకి లాగేటప్పుడు ఇరుక్కుంటే బలవంతం చేయకుండా ఒక చివర వదిలి పక్కకు లాగేస్తే సరి. బ్రిడ్జి కట్టించుకున్నవాళ్లకు, పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవాళ్లకు దారం పైనుంచి దిగదు. వాళ్లకు చివర గట్టిగా ఉండి సూదిలా దూర్చడానికి వీలైన ఫ్లాస్ దొరుకుతుంది.

బ్రష్ సైజు ఎలా కుదురుతుంది?

బుల్లి బ్రష్‌లో కొలత చూసేటప్పుడు ఒక తికమక ఉంది. కొన్ని ప్యాకెట్ల మీద రాసే మిల్లీమీటర్లు మధ్య తీగ మందం, కొన్నిటి మీద బ్రష్ దూరగల రంధ్రం వ్యాసం. 0.5 అని ఒక కంపెనీ రాసినదీ, ఇంకో కంపెనీ రాసినదీ ఒకటి కాకపోవచ్చు. రంగులూ కంపెనీకో తీరు. అందుకే ఐఎస్‌ఓ అంతర్జాతీయ ప్రమాణం బ్రష్ దెబ్బతినకుండా దూరగల అతి చిన్న రంధ్రాన్ని బట్టి 0 నుంచి 8 వరకు సైజు అంకెలు పెట్టింది. 0 అంటే 0.6 మిల్లీమీటర్ల రంధ్రంలో దూరేది, 2 అంటే 1 మిల్లీమీటరు దాకా కావాల్సినది. ప్యాకెట్ మీద ఈ అంకె వెతికి కొంటే కంపెనీ మారినా సైజు మారదు. పళ్లు బిగువుగా ఉన్నవాళ్లకు ఎక్కువగా 0, 1, 2 సైజులే అవసరపడతాయి.

మొదట 0తో మొదలుపెట్టాలి. బుగ్గ వైపునుంచి, చిగురు మొనకు పైగా, చిగురుకు సమాంతరంగా పెట్టి వేళ్లతో తేలిగ్గా తోయాలి. పెన్ను పట్టినంత బలం చాలు. కుచ్చు రెండు పళ్లనూ తాకుతూ, కాస్త ఒరుసుకుంటూ వెళితే సైజు కుదిరింది. ఏ ఒరుపూ లేకుండా జారిపోతే చిన్నది, పాచిని తీయదు. తీగ వంగినా, పంటికి తీగే గీరుకున్నట్టు అనిపించినా పెద్దది. ఏ కోణంలో పెట్టినా 0 కూడా దూరకపోతే ఆ సందు ఫ్లాస్‌దే. అక్కడ రోజూ బలవంతంగా పొడిస్తే ఆరోగ్యంగా ఉన్న చిగురు మొన గాయపడి కుంగిపోవచ్చు. లేని ఖాళీని మనమే తయారుచేసినట్టవుతుంది.

దవడ పళ్ల దగ్గర నోరు బాగా తెరిస్తే బుగ్గ బిగుసుకుని చెయ్యి ఆడదు. నోరు సగం మూసి, బ్రష్ మెడను వేలితో కొద్దిగా వంచి పెడితే సులువు. దూర్చేటప్పుడు తిప్పకూడదు, తీగ తెగుతుంది. కుచ్చు మొత్తం లోపలికి వెళ్లేలా నాలుగైదుసార్లు తోసి లాగి, నీళ్లలో కడిగి, తరువాతి సందుకు వెళ్లాలి. పేస్టు పెట్టనక్కర్లేదు, అందులోని గరుకు పదార్థం బయటపడ్డ వేరును అరగదీస్తుంది. కుచ్చు చెదిరినప్పుడో, తీగ వంగినప్పుడో పారేయాలి.

ఒక నోటిని సందు సందుగా చూద్దాం

నలభై రెండేళ్ల బడి టీచరమ్మ ఒకామె అనుకుందాం. జ్ఞానదంతాలు తీయించేశారు కాబట్టి 28 పళ్లు, అంటే పైన 13, కింద 13, మొత్తం 26 సందులు. "నా పళ్లు టైటు" అని ఆమె గట్టి నమ్మకం. ఎప్పుడైనా ఫ్లాస్ వాడితే ముందు పళ్లకే. వెనక పళ్లలో ఏదైనా ఇరుక్కుంటే పిన్నీసు. పిన్నీసు పీచును తీస్తే తీస్తుంది గానీ పాచిని ముట్టుకోదు, చిగురును మాత్రం గీరుతుంది.

మంచి వెలుతురులో అద్దం ముందు కూర్చుని ఆమె 0 సైజు బ్రష్‌తో వరుసగా చూసుకున్నారు. పైన ఒక కోరపన్ను నుంచి ఇంకో కోరపన్ను దాకా ఉన్న ఐదు సందుల్లో చిగురు మొన నిండుగా ఉంది, బ్రష్ దూరలేదు. అవి ఫ్లాస్‌వి. కింద ముందు పళ్లు వంకరగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. అక్కడి ఐదింటిలో నాలుగు ఫ్లాస్‌వే. నట్టనడుమ రెండు పళ్ల మధ్య మాత్రం బిందువు కింద చిన్న నల్లటి ముక్కోణం కనిపించింది. అందులో 0 సైజు చక్కగా పట్టింది. వెనక వైపు మొత్తం 16 సందులు. బయటినుంచి చూస్తే అన్నీ మూసుకుపోయినట్టే ఉన్నాయి. కోరపళ్ల వెనకున్న నాలుగు సందుల్లో బ్రష్ వెళ్లలేదు. వాటి తర్వాతి నాలుగింటిలో 0 సైజు ఒరుసుకుంటూ వెళ్లింది. పెద్ద దవడ పళ్ల చుట్టూ ఉన్న ఎనిమిదింటిలో 0 వదులైంది, 2 సైజు సరిగ్గా పట్టింది.

లెక్క వేస్తే ఫ్లాస్‌కు 13 సందులు, బ్రష్‌కు 13. ఏదీ దూరదనుకున్న నోట్లో సగం సందులు బ్రష్‌వి. పైగా పుచ్చూ చిగుళ్ల జబ్బూ ఎక్కువగా పట్టే పెద్ద దవడ పళ్లు ఆ సగంలోనే ఉన్నాయి. ఆమెకు కావాల్సినవి ఒక ఫ్లాస్ డబ్బా, రెండు సైజుల బ్రష్‌లు. బ్రష్ సరిగ్గా పట్టిన సందులో మళ్లీ ఫ్లాస్ తప్పనిసరి కాదు. చేయి అలవాటు పడ్డాక రాత్రిపూట ఈ పనికి పట్టేది కొద్ది నిమిషాలు. సందులు అయ్యాక ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుంటే ఆ పేస్టు సందుల్లోకీ వెళ్లే వీలుంటుంది.

మొదటి రాత్రి చాలాచోట్ల రక్తం వచ్చింది. ఇక్కడే సగంమంది భయపడి మానేస్తారు. ఆరోగ్యంగా ఉన్న చిగురు తేలికపాటి కుచ్చు తగిలినంత మాత్రాన రక్తం కార్చదు. కారిందంటే అక్కడ వాపు ముందే ఉందన్నమాట. మనలో చాలామందికి చిగుళ్లు సహజంగానే ముదురు రంగులో ఉంటాయి కాబట్టి ఎర్రబడటాన్ని చూసి పట్టుకోవడం కష్టం. రక్తమే నమ్మదగిన గుర్తు. రోజూ పాచి తీస్తే ఆర్హుస్ ప్రయోగంలోలాగే వారం పది రోజుల్లో అది తగ్గుతూ రావాలి. పొగతాగేవాళ్ల విషయంలో మాత్రం ఈ గుర్తు మోసం చేస్తుంది. పొగ వల్ల చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా వస్తుంది, జబ్బు లోపల్లోపల ముదిరిపోతుంది.

రెండు వారాలకు ఆమెకు ఒక్కచోట తప్ప అన్నిచోట్లా రక్తం ఆగింది. ఆగనిది కింద కుడివైపు చివరి రెండు పళ్ల మధ్య. అనుమానం వచ్చి అక్కడ ఫ్లాస్ దించి చూస్తే ప్రతిసారీ దారం పోగులుగా చీలిపోతోంది. ఇది చాలా పనికొచ్చే సూచన. ఒకే చోట మళ్లీ మళ్లీ దారం చీలుతుంటే అక్కడ గరుకు అంచు ఏదో ఉన్నట్టు. అది పంటి నుంచి బయటికి పొడుచుకొచ్చిన పాత ఫిల్లింగ్ కావచ్చు, కొత్తగా పడుతున్న పుచ్చు కావచ్చు, గట్టిపడిన గార కావచ్చు. దంతవైద్యుడు బైట్‌వింగ్ ఎక్స్‌రే తీస్తే ఫిల్లింగ్ అంచు చిగురు మీదికి వేలాడుతూ కనిపించింది. ఆ అంచు కింద పాచిని ఏ కుచ్చూ తీయలేదు. ఫిల్లింగ్ సరిచేశాక గానీ రక్తం ఆగలేదు.

ఇంకో మార్పు పై ఎడమవైపు కనిపించింది. మొదట బిగువుగా పట్టిన 2 సైజు బ్రష్ నెల తిరిగేసరికి వదులైంది. సందు పెద్దదైందని ఆమె కంగారుపడ్డారు. బ్రష్ వల్ల పళ్లు ఎడం కావు. వాచి ఉన్న చిగురు మామూలు స్థితికి వచ్చి, వాపు ఆక్రమించిన జాగా ఖాళీ అయింది. అక్కడికి 3 సైజు తీసుకుంటే సరిపోయింది. అందుకే మొదలుపెట్టిన నెలకు ఒకసారి, తర్వాత దంతవైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడల్లా సైజులు మళ్లీ చూసుకోవాలి.

ఈ రెండూ చేయలేనివి

పాచిని రోజుల తరబడి వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు దానిలో చేరి గారగా గట్టిపడుతుంది. దాన్ని ఫ్లాసూ తీయదు, బ్రషూ తీయదు. దంతవైద్యుడు స్కేలింగ్ చేయాలి. చిగురుకూ పంటికీ మధ్య సంచీలా లోతుగా ఏర్పడిన పాకెట్లలోనూ ఇవి పనిచేయవు. చిగురు అంచు కింద ఇవి చేరగలిగేది రెండు మూడు మిల్లీమీటర్లే. దంతవైద్యుడు చిగురును కొలిచి 4, 5 అని అంకెలు చెబుతుంటే ఆ సందుల్ని ఇంట్లో శుభ్రం చేయడం ఒక్కటే చాలదు.

అన్నం తిన్న ప్రతిసారీ ఒకే సందులో కూరో మాంసమో ఇరుక్కుంటూ, ఫ్లాస్ అక్కడ ఏ అడ్డూ లేకుండా దిగిపోతుంటే, అది బిగువు కాదు, బిగువు పోవడం. ఫిల్లింగ్ అంచు విరిగో, పక్క పన్ను తీయించుకుంటే మిగిలినది వాలిపోయో సంపర్క బిందువు తెరుచుకుని ఉంటుంది. ఎన్నిసార్లు తీసినా మళ్లీ ఇరుక్కుంటుంది. దాన్ని మూయించుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు చిగుళ్ల నుంచి రక్తం వస్తే తప్పు బ్రష్‌దేనని తేల్చేయకూడదు, మానేయకూడదు. మందుల సంగతి దంతవైద్యుడికి చెప్పి, ఏ సందుకు ఏ సైజు అన్నది ఆయన దగ్గరే ఒకసారి పెట్టించి చూసుకోవడం మంచిది. రంగు గీతలున్న సన్నటి కొలతపుల్లను సందులో పెట్టి సైజు చెప్పడం ఆయనకు కొద్ది నిమిషాల పని. ఇరవై ఆరు సందులకూ వరసగా ఫ్లాస్, 0, 2 అని ఒక కాగితం మీద రాయించుకుని, అదే పట్టుకుని కొట్టుకు వెళితే చాలు.